సహోద్యోగి పదవీ విరమణ సభకు చీర, రవిక రంగులు కుదుర్చుకోవడం ఎలా?

చెన్నైలోని మా కార్యాలయంలో ఇరవై ఏళ్లకు పైగా నా పక్క బల్ల దగ్గర పనిచేసిన అక్క మే నెలాఖరున విరమణ చేశారు. సభలో సన్మాన పత్రం చదివే పని నాకు అప్పగించారు కనుక, ఆమె పక్కనే నిలబడాలి, తరువాత గ్రూప్ ఫోటోలోనూ ఆమె కుర్చీ వెనకే ఉండాలి. ఆ రోజు కట్టిన చీర, రవిక ఎలా కుదిరాయో ఈ మార్గదర్శిలో మొదటి నుంచి చివరి దాకా వివరిస్తాను. కొత్త చీర కొనడం గురించి ఇక్కడ చెప్పడం లేదు. మనలో చాలామందిమి ఇలాంటి సభలకు బీరువాలో ఉన్న చీరనే తీసి, దానికి రవిక మాత్రమే కొత్తగా కుట్టించుకుంటాం. తప్పులు జరిగేది కూడా ఎక్కువగా ఆ రవిక దగ్గరే.

విరమణ సభలో ఉన్న వెసులుబాటు ఏమిటంటే, తేదీ ముందే తెలుస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు సాధారణంగా 60 ఏళ్లు నిండిన నెల ఆఖరి రోజున విరమణ చేస్తారు. ఒకటో తేదీన పుట్టినవారైతే అంతకు ముందు నెల ఆఖరి రోజునే చేస్తారు. ఆ రోజు ఆదివారమైతే సభ శుక్రవారానికి జరుగుతుంది. కాబట్టి మూడు వారాల ముందు నుంచి పని మొదలుపెట్టడానికి అడ్డేమీ ఉండదు, మొదలుపెట్టాలి కూడా.

ముందుగా విరమణ చేస్తున్నవారు ఏం కడుతున్నారో అడగండి

ఆ రోజు అందరి చూపూ ఉండేది విరమణ చేస్తున్నవారి మీద. ఆమె చీర రంగు తెలియకుండా మన చీర తీయడం మొదలుపెడితే, చివరికి ఇద్దరం ఒకే రంగులో పక్కపక్కన నిలబడే ప్రమాదం ఉంది. అప్పుడు ఫోటోలో ఆమె ఎక్కడ ఆగారో, మనం ఎక్కడ మొదలయ్యామో తెలియదు. అడగడానికి మొహమాటపడవలసిన పని లేదు. నేను భోజనాల వేళ నేరుగానే అడిగాను.

"అక్కా, ఆ రోజు మీరే చీర కడుతున్నారు?"

"అమ్మాయి కంచిపట్టు తెచ్చిందమ్మా, అరక్కు రంగు, ఆవపువ్వు పసుపు అంచు. నువ్వు పక్కనుంటావుగా, మళ్లీ ఎరుపు కట్టకు."

చెన్నైలో ఉన్న మనకు అరక్కు అంటే వేరే చెప్పనక్కరలేదు. లక్క రంగు, అంటే కాస్త గోధుమ కలిసిన ముదురు ఎరుపు. ఆమె ఆ ఒక్క మాట చెప్పడంతో నా బీరువాలో సగం చీరలు పక్కకు పోయాయి. మెరూన్, దొండపండు ఎరుపు, వంకాయరంగులో ఎరుపు పాలు ఎక్కువగా ఉన్నవి అన్నీ తీసేశాను. ఆవపువ్వు పసుపు ఒంటి రంగుగా ఉన్న చీర కూడా తీసేశాను, ఎందుకంటే ఆమె అంచు రంగు మన చీర నిండా ఉంటే చూపు మన వైపే మళ్లుతుంది. అదే రంగు మన చీరలో సన్నని గీతగానో, రవిక అంచు కుట్టుగానో ఉంటే ఆమెతో కలిసినట్టు ఉంటుంది తప్ప పోటీ పడినట్టు ఉండదు.

అడిగే వీలు లేకపోతే ఆమె ఇంట్లోవారిని అడగవచ్చు. అదీ కుదరకపోతే పట్టు చీర ఎరుపులోనో మెరూన్‌లోనో ఉంటుందని అనుకుని నీలం, పచ్చ, నేరేడు వైపు వెళ్లడం మంచిది. ఇలాంటి రోజుకు ఎరుపు కుటుంబపు పట్టే కట్టడం మన వైపు ఎక్కువ. సభలో కప్పే శాలువా, మెడలో వేసే దండ కూడా ఆమె మీద రంగులను పెంచుతాయి. మన చీరలో రంగులు తక్కువగా ఉండాలని నేను అనుకోవడానికి అది కూడా ఒక కారణం. ఒంటికి ఒక రంగు, అంచుకు ఒకటి, రవికకు ఆ రెండింటిలోంచే వచ్చిన ఒక రంగు ఉంటే సరిపోతుంది.

నలుపు విషయంలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. పెద్దవారిని సాగనంపే సందర్భంలో పూర్తి నలుపు చీరను పెద్దతరం వారు ఇష్టపడరు, ఆ పూట ఆ చర్చకు తావివ్వకపోవడమే మేలని నా అభిప్రాయం. నలుపు రవికకు మాత్రం అంత పట్టింపు ఉండదు.

ఏ వెలుగులో నిలబడతారో చూసి రండి

రంగు గుడ్డలో ఎంత ఉంటుందో, దాని మీద పడే వెలుగులో అంత ఉంటుంది. మా సభ మధ్యాహ్నం మూడున్నరకు మేడ మీద సమావేశ మందిరంలో, గ్రూప్ ఫోటో సాయంత్రం ఐదింటికి కింద పోర్టికో ముందు ఎండలో. అంటే ఒకే చీరను రెండు వేర్వేరు వెలుగుల్లో చూస్తారు. నేను వారం ముందే ఒక మధ్యాహ్నం ఆ మందిరంలోకి వెళ్లి దీపాలు వేసి చూశాను. తెల్లని ఎల్‌ఈడీ దీపాలు, వేదిక వెనక మీగడ రంగు తెర.

ఈ రెండూ ముఖ్యమే. చవక రకం తెల్ల ఎల్‌ఈడీలలో ముదురు ఎరుపు పాలు తక్కువగా ఉంటుంది, అందువల్ల వాటి కింద మెరూన్, అరక్కు వంటి రంగులు కాఫీ పొడి రంగుకు దిగిపోతాయి. పసుపు వెలుగు ఇచ్చే దీపాలైతే దీనికి తలకిందులుగా జరుగుతుంది. ఎరుపూ పసుపూ విచ్చుకుంటాయి, నీలాలు నల్లబడతాయి. ఇక తెర మీగడ రంగులో ఉంటే గంధం రంగు, ఉల్లిపొర రంగు, సపోటా రంగు చీరలు వేదిక మీద తెరలో కలిసిపోతాయి. దగ్గర నుంచి ఎంత అందంగా ఉన్నా, నాలుగో వరుసలో కూర్చున్నవారికి మన ముఖమూ చేతులూ మాత్రమే కనిపిస్తాయి.

మీరు వెళ్లి చూడలేకపోతే, గత ఏడాది అదే మందిరంలో జరిగిన ఏదైనా సభ ఫోటోలు ఆఫీసు గ్రూపులో ఉంటాయి. వాటిలో తెర రంగు చూడండి, ఎర్ర చీరలు ఎలా పడ్డాయో చూడండి.

మూడు చీరలు తీసి, ఒకటి మిగల్చండి

నా దగ్గర మిగిలినవి మూడు. మొదటిది ఉల్లిపొర రంగు చందేరి, రెండోది తమలపాకు పచ్చ పట్టు, మూడోది నెమలికంఠం రంగు పట్టునూలు చీర, అంటే మన చెన్నైవారు మయిల్ కళుత్తు అని పిలిచే నీలి పచ్చ డబుల్ షేడ్. మూడోదానికి రెండంగుళాల సన్నని అంచు, అందులో ఎరుపు, పసుపు జరీ గీత.

ఉల్లిపొర చందేరి తెర వల్ల పోయింది. మే నెలాఖరు చెన్నై ఉక్కకు కూడా అది నిలవదు. లేత రంగు పల్చని చీర మీద, రవిక మీద చెమట పట్టిన చోటు ఒక షేడు ముదురై అందరికీ కనిపిస్తుంది. లేత నీలం, బూడిద రంగు, లేత గులాబి మీద ఇది మరీ ఎక్కువ. పూర్తి తెలుపు మీద, బాగా ముదురు నీలం మీద, చిన్న చిన్న పూల అచ్చు మీద తక్కువ. తమలపాకు పచ్చ పట్టు మంచిదే, కాని అరక్కు పక్కన నిండు పచ్చ నిలబడితే ఎరుపు పచ్చలు ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి, ఫోటోలో రెండూ అరుస్తాయి. నెమలికంఠంలోని నీలం ఆ పచ్చను అణచి ఉంచుతుంది. అందుకే మూడోదాన్ని నిలబెట్టాను.

చీరను తిప్పి, పడుగూ పేకా చదవండి

రవిక రంగు ఎంచడంలో అన్నిటికంటే ఉపయోగపడే పని ఇది. అంగళ్లలో నూటికి తొంభైమందిమి ఈ పని చేయకుండా చీరను దూరం నుంచి చూసి, కంటికి ఏ రంగు తోస్తే ఆ రంగు గుడ్డ అడుగుతాం.

చీర నిడివిలో సాగే పోగులు పడుగు, అడ్డంగా నేసే పోగులు పేక. రెండూ ఒకే రంగైతే చీరకు ఒకే రంగు. పడుగు నీలం, పేక పచ్చ అయితే వచ్చేది నెమలికంఠం. ఆ రంగు నిజానికి ఏ పోగులోనూ లేదు, రెండు పోగులు కలిసి మన కంటిని అలా నమ్మిస్తాయి. కాబట్టి "నెమలికంఠం రంగు రవిక గుడ్డ ఇవ్వండి" అని అడిగితే దొరికే ఒంటి రంగు గుడ్డ ఎప్పటికీ కలవదు. చీర కదిలినప్పుడు రంగు మారుతుంది, రవిక మారదు. దగ్గరగా ఉండి కూడా కలవని ఆ రంగు, పూర్తిగా వేరే రంగు కంటే అధ్వానంగా కనిపిస్తుంది.

పడుగు రంగు తెలుసుకోవడానికి కొంగు చివర వదిలిన పోగులు చూడాలి. కుచ్చులు కట్టించి ఉంటే ఒక కుచ్చు కొద్దిగా విప్పి చూడండి. అక్కడ వేలాడేవి పడుగు పోగులు మాత్రమే, వాటిలో పేక ఉండదు. నా చీర కొంగు పోగులను కిటికీ దగ్గర తెల్ల కాగితం మీద పరిచి చూస్తే ముదురు నీలం, దాదాపు సిరా రంగు కనిపించింది. పేక రంగుకు రెండో చివర, అంటే రవిక ముక్క కత్తిరించిన చోట, అంచు నుంచి ఒక అడ్డపోగు సూదితో పైకి లాగితే తెలుస్తుంది. నాకు దక్కింది ఆకుపచ్చ. ఒక జాగ్రత్త చెప్పాలి. కొన్ని కంచి పట్టు చీరల్లో కొంగును వేరే రంగు పడుగుతో అతికించి నేస్తారు, దాన్ని పెట్ని అంటారు. అలాంటి చీరకు కొంగు పోగులు ఒంటి రంగు చెప్పవు. అప్పుడు రెండో చివరే చూడాలి.

ఇక అంచు. మన చీరాల, గద్వాల వైపు కుప్పడం అని, కంచి వైపు కోర్వై అని పిలిచే నేతలో అంచుకు పేక వేరుగా ఉంటుంది. ఒంటి పేక అంచులోకి వెళ్లదు, అంచు పేక ఒంట్లోకి రాదు, రెండూ కలిసే చోట పళ్లు పళ్లుగా ఒక గీత కనిపిస్తుంది. అలాంటి అంచు రంగు స్వచ్ఛంగా ఉంటుంది కనుక, దానికి సరిపోయే రవిక గుడ్డ దొరకడం తేలిక. మామూలు అంచులో మాత్రం ఒంటి పేకే అంచు దాకా సాగిపోతుంది. నా చీర ఈ రెండో రకం. అంచు పడుగు ఎరుపే అయినా, ఒంట్లోని పచ్చ పేక దాని మీదుగా పోవడం వల్ల దూరం నుంచి ఇటుక రంగు కలిసిన మెరూన్‌లా కనిపిస్తుంది. తిప్పి చూస్తే ఎరుపు పోగుల మధ్య పచ్చ పోగు స్పష్టంగా ఉంది.

ఈ తేడా తెలియక నేను ఇదే చీరకు నాలుగేళ్ల క్రితం అరక్కు రవిక కుట్టించాను. అంగట్లో ట్యూబులైటు కింద రెండూ అచ్చం ఒకటే అనిపించాయి. ఇంటికి వచ్చి వరండాలో పెట్టి చూస్తే అంచు గోధుమ వైపు, రవిక ఎరుపు వైపు విడిపోయాయి. రెండు గుడ్డలకు వేర్వేరు అద్దకపు రంగులు వాడితే, ఒక వెలుగులో కలిసినవి ఇంకో వెలుగులో విడిపోవడం సహజం. దానికి మందు ఒక్కటే, కనీసం రెండు వెలుగుల్లో చూడడం.

రవిక రంగు తేల్చండి: ముందు ముదురు లేతలు, తరువాతే రంగు

చీరలోని పోగులు తెలిశాక రవికకు మూడు దారులు మిగులుతాయి. పడుగు రంగు తీసుకోవడం, పేక రంగు తీసుకోవడం, లేదా అంచులోంచి ఒక రంగు తీసుకోవడం. చీరతో వచ్చిన ముక్కనే కుట్టించుకోవడం నాలుగోది, దాని సంగతి టైలర్ దగ్గర చెబుతాను.

ఈ మూడింటిలో ఏది కుదురుతుందో చూడడానికి నేను పాటించే పద్ధతి ఇది. ఆ రంగుల్లో ఇంట్లో ఉన్న ఏ గుడ్డలైనా, పాత రవికలైనా, దుపట్టాలైనా తీసి, చీరను భుజం మీద వేసుకున్నట్టు మడిచి, పక్కన ఆ గుడ్డను పెట్టి కిటికీ వెలుగులో ఫోన్‌తో ఫోటో తీస్తాను. ఆ ఫోటోను నలుపు తెలుపులోకి మారుస్తాను. రంగులు పోయిన ఫోటోలో చీరా రవికా ఒకే బూడిద రంగులో కనిపిస్తే ఆ జత వేదిక మీద ముద్దలా కనిపిస్తుంది. కొంగు ఎక్కడ ముగిసిందో, చేయి ఎక్కడ మొదలైందో దూరం వారికి తెలియదు. రెండింటి మధ్య స్పష్టమైన తేడా ఉంటే, రంగు కాస్త అటూ ఇటూ అయినా జత నిలుస్తుంది.

నా చీరతో పేక రంగు పచ్చ పెట్టి చూశాను. మామూలు ఫోటోలో బాగుంది, నలుపు తెలుపులో చీరతో పూర్తిగా కలిసిపోయింది. పైగా ఎండలో చీరలోని నీలం పైకి వచ్చినప్పుడు ఆ పచ్చ రవిక ఒంటరిదైపోయింది. తరువాత పసుపు జరీ రంగు రవిక పెట్టాను. తేడా బాగా కనిపించింది, కాని చూపు మొత్తం రవిక మీదకే వెళ్లింది, పైగా అక్క అంచు కూడా ఆవపువ్వు పసుపే. పెళ్లికైతే నేను అదే వేసుకునేదాన్ని, ఇక్కడ వద్దనుకున్నాను. పడుగు రంగు, ఆ సిరా నీలం, పెట్టేసరికి చీర కంటే రెండు మెట్లు ముదురుగా, స్పష్టంగా విడిగా కనిపించింది. అది చీరలో ప్రతి అంగుళంలోనూ ఉన్న పోగు కనుక చీర ఎటు కదిలినా రవికకు దానితో చుట్టరికం పోదు. తెల్ల ఎల్‌ఈడీ కింద నీలం చెడదు, ఎండలో అంతకన్నా చెడదు, చెమట కూడా దాని మీద తక్కువగా తెలుస్తుంది. అక్కడితో రవిక రంగు తేలిపోయింది.

డబుల్ షేడ్ చీరలన్నిటికీ ఇదే జవాబు అని నేను చెప్పను. రెండు పోగుల్లో ముదురుగా ఉన్నది ఏదైతే అది రవికకు తీసుకోండి అన్నంత వరకు ధైర్యంగా చెప్పగలను. ఉదాహరణకు కనకాంబరం, గులాబి పోగుల డబుల్ షేడ్‌లో రెండూ దాదాపు ఒకే మోతాదులో ఉంటాయి. అప్పుడు పోగుల్లోంచి రంగు తీయడం కుదరదు, జరీనో అంచునో ఆశ్రయించాలి. ఒంటి రంగు చీరకైతే పోగుల ప్రశ్నే లేదు, అంచు రంగుకూ ముదురు లేతల తేడాకూ మాత్రమే చూసుకుంటే చాలు.

చీర వెంట తీసుకుని గుడ్డ కొనండి

రంగు పేరు చెప్పి గుడ్డ కొనవద్దు. చెన్నై అంగళ్లలో ఎం.ఎస్. బ్లూ అని ఒక నీలం ఉంది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు కట్టిన కంచిపట్టు చీరల వల్ల ఆ నీలానికి ఆ పేరు నిలిచింది. ఇంత పేరున్న రంగుకే అంగడికి ఒక షేడు చూపిస్తారు, ఇక సిరా నీలం, నేవీ బ్లూ అంటే చెప్పనవసరం లేదు. టి. నగర్‌లోని మ్యాచింగ్ సెంటర్లలో ఒకే నీలంలో పది పన్నెండు షేడ్లు గోడకు పేర్చి ఉంటాయి. మొత్తం చీర మోయలేకపోతే కొంగు కుచ్చులోని పోగులు నాలుగు కత్తిరించి తెల్ల కార్డుకు చుట్టి తీసుకెళ్లండి. నేను అలాగే చేశాను, కాని చీర కూడా సంచిలో ఉంచుకున్నాను.

గుడ్డ తాన్ను బల్ల మీద చూసి ఊరుకోకుండా, అంగడి వారిని అడిగి గుమ్మం దాకా తీసుకువచ్చి పగటి వెలుగులో చీర మీద వేసి చూడండి. రద్దీ లేని వేళ, పగలు పదకొండు ప్రాంతంలో వెళ్తే వారు విసుక్కోరు. సాయంత్రం ఏడింటికి వెళ్తే చూడడానికి పగటి వెలుగే ఉండదు. చేతిలో ఉన్న గుడ్డ ఒక పొరగా ఉన్నప్పుడు లేతగా, తాన్ మీద ముదురుగా కనిపిస్తుంది. రవికకు లోపల లైనింగ్ ఉంటుంది కనుక, రెండు పొరలు మడిచి పోల్చడం సరైన పద్ధతి.

గుడ్డ రకం రంగును మారుస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. అదే నీలం రా సిల్కులో మెరుస్తుంది, వేదిక దీపాల కింద భుజాల మీద తెల్లని మెరుపు మచ్చలు పడతాయి. టూ బై టూ రుబియా నూలులో మెరుపు ఉండదు, రంగు లోతుగా నిలుస్తుంది. చీరలో జరీ, పట్టు మెరుపు ఉన్నప్పుడు రవిక మెరవకపోవడమే నాకు ఇష్టం. చెన్నై మే నెలకు నూలు హాయి కూడా. సాధారణంగా మోచేతి వరకు చేతులుంటే 36 అంగుళాల పన్నా గుడ్డ ఒక మీటరు సరిపోతుంది, ఛాతీ కొలత 42 దాటితే మీటరుంపావు తీసుకోండి.

రంగు దిగుతుందేమో చూడకుండా కుట్టించవద్దు

ముదురు రవిక, లేత చీర కట్టేవారికి ఈ పని తప్పనిసరి. ఒకసారి గంధం రంగు కంచి నూలు చీర మీద కొత్త మెరూన్ రవిక వేసుకుని వెళ్లాను. కొంగు పిన్ను పెట్టిన భుజం దగ్గరా, చంక పక్కన కొంగు ఆనిన చోటా చెమటకు రవిక రంగు దిగి చీర మీద గులాబి మచ్చలు పడ్డాయి. రెండుసార్లు ఉతికినా పూర్తిగా పోలేదు, ఆ చీర ఇప్పుడు ఇంట్లో కట్టుకోవడానికే పనికి వస్తోంది.

పరీక్ష చాలా చిన్నది. తెల్ల చేతిరుమాలు మూలను నీటిలో తడిపి పిండి, గుడ్డ లోపలి వైపు ఒక చోట పెట్టి వేలితో ఇరవై సార్లు గట్టిగా రుద్దండి. రుమాలుకు రంగు అంటితే గుడ్డను బకెట్ నీళ్లలో గంటసేపు నానబెట్టి, నీళ్లు మార్చి, రంగు దిగడం ఆగే దాకా మళ్లీ మళ్లీ చేయండి. తడిసిన గుడ్డను నీడలో ఆరేయండి. నాలుగు నీళ్లకూ రంగు దిగుతూనే ఉంటే ఆ గుడ్డ లేత చీరకు పనికిరాదు, నా నీలి పచ్చ చీర వంటి ముదురు చీరకైతే వాడుకోవచ్చు. నూలు గుడ్డనూ లైనింగునూ ఇలా నానబెట్టడం వల్ల ఇంకో మేలు ఉంది. కుదించుకుపోయేదేదో ముందే కుదించుకుపోతుంది, కుట్టించాక రవిక బిగిసిపోదు.

టైలర్‌కు చెప్పవలసినవి

మా వీధి టైలర్ అన్న దగ్గర పది రోజులు పడుతుంది, ముహూర్తాల నెలల్లో రెండు వారాలు. గుడ్డ ఇచ్చే రోజు చీర కూడా చూపిస్తాను. నా రవికకు చేతుల అంచున, మెడ చుట్టూ సన్నని ఆవపువ్వు పసుపు పైపింగ్ వేయమన్నాను. అక్క చీర అంచును దూరం నుంచి పలకరించే రంగు అది ఒక్కటే, అది కూడా ధాన్యపు గింజంత మందమే.

"మందంగా వేస్తే మెరుస్తుందమ్మా, ఫోటోలో బాగుంటుంది" అన్నాడు అన్న.

"వద్దన్నా, సన్నంగానే వెయ్యి. ఫోటో ఆమెది" అన్నాను.

ఇక చీరతో వచ్చిన ముక్కతో రవిక కుట్టించుకునేవారు డబుల్ షేడ్ గుడ్డ విషయంలో ఒక మాట తప్పక చెప్పాలి. చీరను ఒంటికి చుట్టినప్పుడు కుచ్చిళ్లలో పడుగు అడ్డంగా పోతుంది, భుజం మీద నుంచి వేలాడే కొంగులో పడుగు నిలువుగా పోతుంది. అందుకే ఒకే చీర కుచ్చిళ్లలో ఒక రంగుగా, వీపు మీద ఇంకో రంగుగా కనిపిస్తుంది. టైలర్ చేతుల అంచున చీర అంచు రావాలని చేతులను ఒక దిశలో, ఒంటి భాగాన్ని ఇంకో దిశలో కత్తిరిస్తాడు. మామూలు గుడ్డకు దాని వల్ల ఏమీ కాదు. డబుల్ షేడ్‌కు మాత్రం చేతులు నీలంగా, ఒళ్లు పచ్చగా విడిపోతాయి, కుట్టేశాక సరిదిద్దడానికి దారి ఉండదు. అన్ని భాగాలూ ఒకే దిశలో కత్తిరించమని, అంచు పట్టీని విడిగా కోసి చేతులకు అతకమని చెప్పాలి. రవిక ముక్క సుమారు 80 సెంటీమీటర్లు ఉంటుంది కనుక, అలా కోస్తే కురచ చేతులతో సర్దుకోవలసి రావచ్చు.

ఆఫీసులో ఆడవారంతా ఒకే రంగు చీర కట్టాలని అనుకున్నారంటే, చీర రంగు మీ చేతిలో ఉండదు, రవిక మాత్రమే మీది. అందరి చీరలూ ఒకే తానులోవి కాకపోతే షేడ్లు ఎలాగూ తేడాగా ఉంటాయి. రవికలు అందరివీ ఒకే ముదురు రంగులో ఉంటే ఆ తేడాలు ఫోటోలో అంతగా కనిపించవు.

మూడు రోజుల ముందు కట్టి చూడండి

రవిక సభకు మూడు రోజుల ముందైనా చేతికి రావాలి. ఆ రోజే చీర, రవిక, లోపావడాతో సహా పూర్తిగా కట్టుకుని, చేయి పైకెత్తి, చేతిలో కాగితం పట్టుకుని చదువుతున్నట్టు నిలబడి చూడండి. లోపావడా పల్చని చీరకు రంగు మారుస్తుంది కనుక, చీర ఒంటి రంగుకు దగ్గరగా ఉన్నదే వేసుకోవాలి, నా చీరకు నీలం వేశాను. ఒకసారి గదిలో దీపం కింద, ఒకసారి కిటికీ దగ్గర, ఇంట్లోవారితో ఆరడుగుల దూరం నుంచి ఫోటోలు తీయించుకోండి. కొంగు పిన్ను పెట్టే చోట అంచులోని ఎరుపు గీత మెడకు మరీ దగ్గరగా వచ్చిందని నాకు అప్పుడే తెలిసింది. మడతలు వెడల్పుగా పెట్టి అంచును భుజం చివరకు జరిపాను, రవిక నీలం మెడ చుట్టూ విడిగా కనిపించింది.

సభ రోజు ఉదయం ఇంట్లోంచి కట్టుకుని బయలుదేరితే మధ్యాహ్నానికి కుచ్చిళ్లు నలిగిపోతాయి. నేను చీరను మడత పెట్టి, రవికను దాని లోపల కాకుండా విడిగా పాత నూలు గుడ్డలో చుట్టి తీసుకెళ్లాను. రెండున్నరకు ఆఫీసులోనే మార్చుకుని, మూడుంబావుకు మేడ ఎక్కాను.